ఐదు గంటల దగ్గర తడబాటు

చెక్ భాష నేర్చుకుంటున్న విద్యార్థి టీచరుకు ఈమెయిల్ రాశాడనుకుందాం: 'ఫ్చెరా ఉచిల్ సెమ్ సె ప్యేత్ హొదిని.' నిన్న ఐదు గంటలు చదువుకున్నానని అతని ఉద్దేశం. అర్థం తెలుస్తుంది, కానీ తప్పులు రెండున్నాయి.

మొదటిది గంటల దగ్గర. తెలుగులో రెండైనా ఐదైనా 'గంటలు' మారదు. చెక్‌లో రెండు, మూడు, నాలుగుకే 'హొదిని'. ఐదు నుంచి షష్ఠీ బహువచనం రావాలి: 'ప్యేత్ హొదిన్'. అంటే దాదాపు 'గంటలలో ఐదు' అన్నట్టు. అలాంటి మాట కర్తయితే క్రియ కూడా ఏకవచన నపుంసకమవుతుంది. ఐదుగురు విద్యార్థులు వచ్చినా, క్రియ 'వచ్చింది' అన్న రూపంలోనే ఉంటుంది!

రెండోది మరింత మొండిది. 'సె' అనే పొట్టి సర్వనామం, 'సెమ్' అనే సహాయక క్రియ ఒంటరిగా నిలబడలేవు. ముందున్న మాటకు ఆనుకుంటాయి. వాటి చోటు వాక్యంలో రెండోది, అందులోనూ 'సెమ్' ముందు, 'సె' తర్వాత. కాబట్టి 'ఫ్చెరా సెమ్ సె ఉచిల్ ప్యేత్ హొదిన్.'

రెండో చోటంటే రెండో పదం కాదు. 'మూయ్ స్తారీ కమరాద్ సె ఉచీ' (నా పాత స్నేహితుడు చదువుకుంటున్నాడు) అన్నప్పుడు మూడు పదాలూ కలిసి ఒకే చోటు. తనిఖీకి మొదటి పదబంధం ఎక్కడ ముగిసిందో చూడాలి. పొట్టి మాటలు సరిగ్గా అక్కడే ఉండాలి.