జనరేటర్ ఎక్కడ పెట్టాలి?

ఫిల్మ్‌నగర్‌లో నైట్ షూటింగ్ అనుకుందాం. మైదానంలో ఎ, బి, సి అని మూడు లైట్లు. బి దగ్గర లంబకోణం. అక్కణ్నుంచి ఎ 30, సి 40 మీటర్ల దూరం. మూడింటికీ వేర్వేరుగా కేబుల్ లాగాలి. అతి తక్కువ కేబుల్ పట్టాలంటే జనరేటర్ బండి ఎక్కడ ఆపాలి?

బి పక్కనే ఆపితే 70 మీటర్లు. త్రిభుజం గురుత్వ కేంద్రంలో పెట్టినా 69 దాటుతుంది. అసలు జవాబు 67.7!

17వ శతాబ్దంలో ఫ్రాన్స్ గణితవేత్త ఫెర్మా వేసిన చిక్కుప్రశ్న ఇది. ఇటలీకి చెందిన టారిసెల్లీ విప్పారు. 1929లో హాఫ్‌మన్ చూపిన దారి మరీ ముచ్చటైనది.

జనరేటర్‌ని పి అనండి. ఎబిపి త్రిభుజాన్ని బి చుట్టూ, సికి దూరంగా 60 డిగ్రీలు తిప్పండి. ఎ వెళ్లి డి దగ్గర, పి వెళ్లి క్యూ దగ్గర ఆగుతాయి. బి, పి, క్యూ కలిస్తే సమబాహు త్రిభుజం. కాబట్టి బిపి ఎంతో పిక్యూ అంతే. తిప్పితే పొడవు మారదు కనుక ఎపికి బదులు డిక్యూ. అంటే మూడు కేబుళ్లూ డి నుంచి క్యూ, పిల మీదుగా సి దాకా ఒకే గొలుసు! అది తిన్నగా ఉన్నప్పుడే అతి పొట్టి. అప్పుడు పి దగ్గర కేబుళ్ల మధ్య 120 డిగ్రీల చొప్పున ఉంటుంది.

కాగితంపై 6, 8 సెంటీమీటర్లతో గీసి, ఎబిపై బయటివైపు సమబాహు త్రిభుజం కట్టండి. దాని కొస డి. డిసి కొలిస్తే పదమూడున్నర వస్తుంది. బిసిపైనా అలాగే కట్టి, దాని కొసను ఎకి కలపండి. రెండు గీతలు ఖండించుకున్న చోటే పి.

త్రిభుజంలో ఏదైనా కోణం 120 డిగ్రీలో, అంతకు మించో ఉంటే ఈ తంటా అక్కర్లేదు. బండి ఆ మూలకే. ఇక జూబ్లీహిల్స్ బండరాళ్లు చుట్టి కేబుల్ లాగాల్సి వస్తే మాత్రం ఈ లెక్క పనిచేయదు.