‘రెస్పెక్టెడ్ సర్’ తర్వాత ఏం రాయాలి?

తెలుగు పిల్లల్లో చాలామంది ఇంగ్లీషులో రాసిన మొదటి ఉత్తరం సెలవు చీటీ. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలై ‘యువర్స్ ఒబీడియంట్లీ’ అని ముగుస్తుంది. జ్వరం వచ్చినా, మేనమామ పెళ్లికి వెళ్లినా అదే చీటీ. ఆ సంగతి టీచరుకూ తెలుసు, రాసినవాడికీ తెలుసు. బడిలో అది చెల్లిపోయింది. ఆ చీటీలు చదివి టీచరు ఎవరినీ ఎంచుకోనక్కర్లేదు కదా! పదిహేనేళ్ల తర్వాత అదే చెయ్యి ఉద్యోగం కోసం మెయిల్ రాస్తుంది. ఈసారి చదివేవాళ్ల పనే ఎంచుకోవడం.

ఈ మాటల్లో కొన్నింటికి దొరల కచేరీల నాటి వాసన ఉంది. ‘ఐ బెగ్ టు స్టేట్’, ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ లాంటివి గుమాస్తాల అర్జీల మీదుగా మన దాకా వచ్చాయి. ‘ప్లీజ్ ఫైండ్ ఎన్‌క్లోజ్డ్’ అనే వాడుకను పందొమ్మిదో శతాబ్దంలోనే అమెరికన్ విమర్శకుడు రిచర్డ్ గ్రాంట్ వైట్ ఎగతాళి చేశాడు. కవరు స్థానంలో అటాచ్‌మెంట్ వచ్చినా ఆ వాక్యం మాత్రం బతికే ఉంది. మన పాత ఉత్తరాలకూ ఇలాంటి అచ్చు ఉండేది. ‘నమస్కరించి వ్రాయునది ఏమనగా’ అని మొదలుపెట్టేవారు. అయితే ఆ ‘ఏమనగా’ తర్వాత అసలు కబురు వచ్చేది. ఉద్యోగాల మెయిళ్లలో చిక్కంతా ఇక్కడే ఉంది. పీఠిక అయ్యేసరికి ఉత్తరం కూడా అయిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో మందుల హోల్‌సేల్ సంస్థలో రెండేళ్లుగా లెక్కలు చూస్తున్న బీకామ్ అమ్మాయి ఉందనుకుందాం. హైదరాబాద్‌లో పెద్ద మందుల పంపిణీ సంస్థ అకౌంట్స్ అసిస్టెంట్ కోసం ప్రకటన ఇచ్చింది. ట్యాలీ, జీఎస్‌టీ తెలిసి ఉండాలని, సప్లయర్ల ఖాతాలు సరిపోల్చడం వచ్చి ఉండాలని అందులో రాశారు. ఆమె స్నేహితురాలి దగ్గర తీసుకున్న నమూనాలో పేరు మార్చి ఈ మెయిల్ తయారుచేసింది:

‘రెస్పెక్టెడ్ సర్/మేడమ్, ఐ యామ్ రైటింగ్ టు ఎక్స్‌ప్రెస్ మై కీన్ ఇంట్రెస్ట్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్. ఐ యామ్ ఎ హార్డ్‌వర్కింగ్ అండ్ డెడికేటెడ్ ప్రొఫెషనల్ విత్ హ్యాండ్స్-ఆన్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ అకౌంటింగ్. ఐ యామ్ ఎ టీమ్ ప్లేయర్ అండ్ క్విక్ లెర్నర్. ప్లీజ్ ఫైండ్ మై రెజ్యూమె అటాచ్డ్ ఫర్ యువర్ కైండ్ పెరూజల్.’

వ్యాకరణంలో తప్పులేదు, మర్యాదలో లోటులేదు. కానీ కింద సంతకం తీసేసి గుంటూరు కుర్రాడి పేరు పెట్టినా, కరీంనగర్ అమ్మాయి పేరు పెట్టినా మెయిల్ చెక్కుచెదరదు. పరీక్ష ఇదే. ఒక్కో వాక్యం కింద ఇంకొకరి పేరు ఊహించుకుని చూడాలి. అప్పటికీ నిజమే అనిపిస్తే, ఆ వాక్యం ఆమెది కాదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ‘హార్డ్‌వర్కింగ్’ పాతబడిందని ‘ప్యాషనేట్’ అంటారు. ‘ఎస్టీమ్డ్’ తీసేసి ‘డైనమిక్’ పెడతారు. దానివల్ల బొమ్మ మారదు, రంగు మారుతుందంతే. అచ్చు మాట ఉన్నచోట చెప్పాల్సిన సంగతి ఒకటి దాక్కుని ఉంటుంది. ‘హ్యాండ్స్-ఆన్ ఎక్స్‌పీరియన్స్’ అని రాసిందంటే ఆమె ఏదో పని చేసే ఉంటుంది. ఆ మాటకు ఇంకో మాట వెతికే బదులు, ఏ పని చేశావని అడగాలి.

అడిగితే ఏం బయటపడుతుందో చూడండి. సప్లయర్లు నమోదు చేసిన బిల్లుల ఆధారంగా జీఎస్‌టీ పోర్టల్ నెలనెలా జీఎస్‌టీఆర్-2బీ అనే పట్టిక తయారుచేస్తుంది. అది 14వ తేదీన వస్తుంది. నెలవారీగా దాఖలు చేసేవాళ్లు జీఎస్‌టీఆర్-3బీని 20లోగా వేయాలి. మధ్యలో ఉన్న ఆ కొద్ది రోజుల్లో ఆమె కొనుగోలు పుస్తకాన్ని పట్టికతో సరిపోలుస్తుంది. ఏ సప్లయర్ బిల్లు ఎక్కించలేదో పట్టుకుని ఫోన్ చేస్తుంది. బిల్లు పట్టికలోకి రాకపోతే, దాని మీద కట్టిన పన్ను తాలూకు క్రెడిట్ ఆ నెలకు ఆగిపోతుంది. ఇంకో పని కూడా ఉంది. మెడికల్ షాపులు గడువు దాటిన మందులను తిరిగి పంపుతాయి. వాటికి మందుల కంపెనీలు క్రెడిట్ నోట్లు ఇవ్వాలి. ఎవరు ఇచ్చారు, ఎవరు ఇంకా బాకీ ఉన్నారు అనే చిట్టా కూడా ఆమే చూసుకుంటుంది.

ప్రకటనలో అడిగింది సరిగ్గా ఈ పనే. ఆమె చేస్తున్నదీ అదే వ్యాపారంలో, అవే లెక్కల మీద. ఇంత సంగతి ‘హ్యాండ్స్-ఆన్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ అకౌంటింగ్’ అనే దుప్పటి కింద పడుకుని ఉంది.

ఈ సంగతులు రాబట్టడానికి తెలుగువాళ్లకు తేలికైన దారి ఒకటుంది. నేరుగా ఇంగ్లీషులో రాయడానికి కూర్చుంటే చెయ్యి పాత అచ్చులోకే జారుకుంటుంది. అందుకే ముందు తెలుగులో చెప్పాలి. ‘నువ్వు ఆఫీసులో ఏం చేస్తావమ్మా?’ అని పిన్ని ఫోన్లో అడిగితే ఏమంటుందో అదే ఫోన్లో రికార్డు చేసుకోవచ్చు. పిన్నితో ఎవరూ ‘నేను అంకితభావం గల వృత్తి నిపుణురాలిని’ అనరు. ‘నెల మధ్యలో ఊపిరాడదు పిన్నీ, బిల్లులన్నీ టాలీ చేయాలి, ఎక్కించనివాళ్లకు ఫోన్లు చేయాలి’ అంటారు. ఇందులో కర్త ఉన్నాడు, పని ఉంది, సమయం ఉంది. దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి పెద్ద భాష అక్కర్లేదు. ‘ఐ మ్యాచ్ అవర్ పర్చేజ్ రిజిస్టర్ విత్ జీఎస్‌టీఆర్-2బీ ఎవ్రీ మంత్ అండ్ కాల్ ద సప్లయర్స్ హూజ్ బిల్స్ ఆర్ మిస్సింగ్’ అంటే చాలు. ఇంటర్వ్యూలో ఈ వాక్యం మీద ఎన్ని ప్రశ్నలు వేసినా ఆమె జవాబు చెప్పగలదు. ‘రిజల్ట్ ఓరియెంటెడ్’ అంటే ఏమిటని అడిగితే మాత్రం ఎవరైనా నీళ్లు నమలాల్సిందే.

సవరించాక ఆమె మెయిల్ ఇలా తయారైంది. చదువరుల సౌకర్యం కోసం తెలుగులో:

‘మీ అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. విజయవాడలో మందుల హోల్‌సేల్ సంస్థలో రెండేళ్లుగా ట్యాలీలో కొనుగోలు ఖాతాలు చూస్తున్నాను. ప్రతి నెలా మా పుస్తకాలను జీఎస్‌టీఆర్-2బీతో సరిపోల్చి, కనిపించని బిల్లుల గురించి సప్లయర్లతో మాట్లాడతాను. గడువు దాటిన మందులకు రావాల్సిన క్రెడిట్ నోట్ల లెక్క కూడా నాదే. మీ ప్రకటనలో సప్లయర్ల ఖాతాల పని చూసి రాస్తున్నాను. రిటర్నులు దాఖలు చేసేది మా ఆడిటర్ గారే, ఆ లెక్కలు సిద్ధం చేసేదాన్ని నేను. నోటీసు పీరియడ్ 30 రోజులు. రెజ్యూమె జతచేశాను.’

‘దాఖలు చేసేది మా ఆడిటర్ గారే’ అన్న వాక్యాన్ని గమనించాలి. నమూనాల్లో ఇది ఉండదు, ఎందుకంటే నమూనాకు అన్నీ వచ్చు. తన పని ఎక్కడిదాకా ఉందో గీత గీసి చెప్పడంతో మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది. ‘టీమ్ ప్లేయర్’, ‘క్విక్ లెర్నర్’ రెండూ పోయాయి. సప్లయర్లతో ఫోన్లో మాట్లాడుతుందన్న సంగతి మొదటిదాని పని చేస్తోంది. రెండోదానికి ఆమె దగ్గర చెప్పుకోదగ్గ సందర్భం ఏదీ దొరకలేదు. దొరకనప్పుడు వదిలేయడమే మేలు.

అచ్చు మాటలన్నీ శత్రువులేమీ కావు. సబ్జెక్ట్ లైన్ అచ్చంగా అచ్చులోనే ఉండాలి: ఉద్యోగం పేరు, అభ్యర్థి పేరు, ఊరు. ఎంపిక చేసేవాళ్లు తర్వాత వెతికి పట్టుకునేది దాంతోనే. నోటీసు పీరియడ్, ఫోన్ నంబరు, అడిగితే ప్రస్తుత జీతం, ఇవన్నీ పొడిపొడిగా ఉన్నా పరవాలేదు. వీటిలో వ్యక్తిత్వం చూపించబోతే చదివేవాళ్లకు చిరాకు.

పిలుపు దగ్గర మాత్రం మనవాళ్లకు ఇబ్బంది. పెద్దవాళ్లను ఉత్త పేరుతో పిలవడానికి మనసొప్పదు. ప్రకటనలో పేరు ఇస్తే ‘డియర్’ తర్వాత ఆ పేరు రాయవచ్చు. తెలుగువాళ్ల సంస్థ అయితే పక్కన ‘గారు’ చేర్చినా ఎబ్బెట్టుగా ఉండదు. పేరు తెలియకపోతే ‘డియర్ హైరింగ్ టీమ్’ అంటే సరిపోతుంది. ‘సర్/మేడమ్’ మధ్య ఆ గీత ఉంది చూడండి, అది ‘మీరెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు’ అన్నట్టుంటుంది.

సొంత గొంతు అనగానే కొందరు రెండో కొసకు వెళ్తారు. ‘చిన్నప్పటి నుంచి నాకు లెక్కలంటే ప్రాణం’ అని కథ ఎత్తుకుంటారు. ఇది కూడా నమూనానే, కాకపోతే కొత్త రకం. చనువు మాటలు, జోకులు, ఎమోజీలు కూడా మొదటి మెయిల్‌లో పనికిరావు. సంగతులు చెప్పాలన్న ఉత్సాహంలో పాత సంస్థ టర్నోవర్, ఖాతాదారుల పేర్లు బయటపెడితే ఇంకా ప్రమాదం. ఇక్కడి గుట్టు అక్కడ చెప్పేవాళ్లు రేపు అక్కడిది ఇంకోచోట చెబుతారని చదివేవాళ్లకు అనుమానం రావడం సహజం.

నమూనా వదిలినా దాని ఆనవాళ్లు వదలవు. కంపెనీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ బ్రాకెట్లు మిగిలిపోతాయి, లేదా నిన్న దరఖాస్తు చేసిన కంపెనీ పేరు కనిపిస్తుంది. ఒక పేరా నల్లగా, ఇంకోటి బూడిదరంగులో చిన్న అక్షరాలతో వస్తే, అది ఎక్కడినుంచో తెచ్చి అతికించిందని ఇట్టే తెలిసిపోతుంది. కంప్యూటర్లో జీమెయిల్ వాడేవాళ్లు Ctrl+Shift+V తో అతికిస్తే పాత రంగులు, సైజులు రాకుండా ఉత్త అక్షరాలే వస్తాయి. మెయిల్ ముందు తమకు తామే పంపుకుని ఫోన్లో తెరిచి చూసుకోవడం మంచిది. ఇన్‌బాక్సులో తెరవకముందే కనిపించే మొదటి ముక్కలో ‘ఐ యామ్ రైటింగ్ టు ఎక్స్‌ప్రెస్’ కనిపిస్తోందా, ‘విజయవాడలో మందుల హోల్‌సేల్’ కనిపిస్తోందా అన్నది అక్కడే తేలుతుంది.

పంపే ప్రతిచోటికీ మెయిల్ మొత్తం కొత్తగా రాయాల్సిన పనిలేదు. విజయవాడ అమ్మాయి తన పని గురించి రాసుకున్న వాక్యాలు ఏ అకౌంట్స్ ఉద్యోగానికైనా పనికొస్తాయి. ఆమె మళ్లీ రాయాల్సింది ‘మీ ప్రకటనలో’ అని మొదలయ్యే ఆ ఒక్క వాక్యమే. దానికోసం ప్రకటనను రెండోసారి చదవాలి.