కరకరలాడే దోసె: పెనం వేడి, ఇనుప పెనం సీజనింగ్

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- కొత్త పోత ఇనుప పెనానికి సీజనింగ్ చేయగలుగుతారు.
- నీటి చుక్కల సాయంతో పెనం వేడిని అంచనా వేయగలుగుతారు.
- దోసె చెడిన తీరును బట్టి లోపం ఎక్కడుందో గుర్తించగలుగుతారు.

1. దోసె ఎందుకు కరకరలాడుతుంది?

దోసె పిండిలో సగానికి పైగా ఉండేది నీరే. పిండి వేడి పెనాన్ని తాకగానే అడుగున ఉన్న నీరు ఆవిరై పైకి వస్తుంది. దోసె మీద కనిపించే చిన్న చిల్లులు ఆ ఆవిరి వెలువడిన దారులు. అడుగు పొరలో నీరు ఉన్నంతసేపు దాని వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది కాబట్టి అది ఎర్రబడదు. నీరు పోయాక వేడి సుమారు 140 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పిండిలోని చక్కెరలు, మాంసకృత్తుల మధ్య చర్య జరిగి ఎర్రని రంగు, కమ్మని వాసన వస్తాయి. అందువల్ల దోసె కరకరలాడాలంటే పిండి పలుచగా పరచుకోవాలి, ఎర్రబడేవరకు పెనానికి అంటుకోకుండా ఉండాలి. మొదటిది పెనం వేడి మీద, రెండోది పెనం ఉపరితలం మీద ఆధారపడతాయి.

2. పెనానికి సీజనింగ్ చేయడం

పోత ఇనుము కంటికి నునుపుగా కనిపించినా దాని మీద సన్నని గరుకుతనం ఉంటుంది. తడిపిండి నేరుగా ఇనుమును పట్టుకుంటుంది. ఈ రెంటి మధ్య గట్టిపడిన నూనె పొరను ఏర్పరచడమే సీజనింగ్. పలుచని నూనె పొరను బాగా వేడిచేస్తే గాలిలోని ఆక్సిజన్ సమక్షంలో నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి, నల్లని గట్టి పూతగా మారతాయి. పొద్దుతిరుగుడు, సోయా, నువ్వుల నూనెలు ఇందుకు పనికివస్తాయి. కొబ్బరి నూనెకు ఇలా గట్టిపడే గుణం చాలా తక్కువ.

కొత్త పెనానికి తుప్పు పట్టకుండా రాసిన పూత ఉంటే, వేడి నీళ్లు, సబ్బుతో తోమి తీసివేయాలి. వెంటనే తుడిచి, పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆరనివ్వాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు అర చెంచా నూనె అంతటా రుద్ది, పొడిగుడ్డతో నూనె కనిపించనంతగా తుడిచివేయాలి. ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. నూనె మందంగా ఉంటే గట్టిపడకుండా బంకలా జిగటగా మిగులుతుంది. తరవాత కిటికీలు తెరిచి, పెనం నుంచి పొగ వచ్చి, అది తగ్గేవరకు మధ్యస్థమైన మంట మీద వేడిచేయాలి. చల్లారాక ఇదే పనిని మరి మూడు నాలుగు సార్లు చేయాలి.

చింతపండు, టమాటా వంటి పులుపు పదార్థాలు ఈ పూతను కరిగిస్తాయి. కాబట్టి ఆ పెనంలో పులుసు కూరలు వండకూడదు, దాన్ని నీళ్లలో నానబెట్టకూడదు.

3. వేడిని గుర్తించడం

పోత ఇనుము నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆ వేడిని చాలాసేపు నిలుపుకుంటుంది. కనుక మధ్యస్థమైన మంట మీద ఐదారు నిమిషాలు కాగనిచ్చి, కొన్ని నీటి చుక్కలు చల్లి చూడాలి. చుక్క కదలకుండా నెమ్మదిగా మరిగితే వేడి చాలదు. చుయ్‌మని రెండు మూడు సెకన్లలో ఆవిరైతే వేడి సరిపోయింది. చుక్కలు ముత్యాల్లా దొర్లితే పెనం సుమారు 200 డిగ్రీలు దాటిందని, పిండి పరచడానికి వేడి ఎక్కువైందని అర్థం. అప్పుడు మంట తగ్గించి, మరికొంచెం నీళ్లు చల్లి, మడిచిన తడిగుడ్డతో తుడవాలి. నీరు ఆవిరవుతూ పెనం వేడిని లాక్కుపోతుంది.

పిండి పోసి గరిటెతో గుండ్రంగా తిప్పేటప్పుడు మంట తక్కువగా ఉండాలి. పరచడం పూర్తయ్యాక మంట పెంచి, అంచుల వెంట నూనె వేయాలి. అడుగు ఎర్రబడితే అంచులు వాటంతట అవే లేస్తాయి. అంచులు లేవకముందు అట్లకాడ పెడితే దోసె చిరుగుతుంది.

4. ఒక ఉదాహరణ

పది అంగుళాల ఇనుప పెనం మీద వరసగా వేసిన మూడు దోసెలను పరిశీలిద్దాం. మొదటిది చిల్లులు పడకుండా తెల్లగా ఉండి అంటుకుపోయింది. పెనం కాగకముందే పిండి పోయడమే దీనికి కారణం. మంట పూర్తిగా పెంచి వేసిన రెండోదానిలో పిండి గరిటెతోపాటు ముద్దగా లేచి వచ్చింది. బియ్యపు పిండి 70 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది. అంత వేడి పెనం మీద గరిటె తిరిగే లోపే అది గట్టిపడింది. మూడోదానికి ముందు నీళ్లు చల్లి, తుడిచి, మంట తగ్గించడంతో పిండి చక్కగా పరచుకుంది. కాని మధ్యలో ఒకేచోట అంటుకుంది. మిగతా దోసె బాగానే లేచింది కాబట్టి లోపం వేడిలో లేదు. అక్కడ పూత పోయింది. ఆ పెనానికి మళ్లీ సీజనింగ్ చేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సీజనింగ్ చేసేటప్పుడు నూనెను ఎందుకు తుడిచివేయాలి?
2. నీటి చుక్కలు పెనం మీద దొర్లుతుంటే పిండి పోసేముందు ఏం చేయాలి?
3. దోసె అంతా అంటుకోవడానికి, ఒకేచోట అంటుకోవడానికి కారణాల్లో తేడా ఏమిటి?