తెల్లవారుజామున బండి స్టార్టు కాకపోతే ముందు ప్లగ్గు విప్పి చూడండి

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పాల సంఘాలను తనిఖీ చేయుటకు వెళ్లినప్పుడు కార్యదర్శులు మాతో తరచు చెప్పే మాట ఒకటున్నది. ధనుర్మాసం వచ్చిందంటే క్యాన్లు తెచ్చే మోపెడ్లు తెల్లవారుజామున మొరాయిస్తాయి. రూటు వ్యాను ఎవరి కొరకూ ఆగదు. అది వెళ్లిపోయాక వచ్చిన పాలు ఎండెక్కేకొద్దీ పులిసి, సభ్యునికే నష్టం కలుగుతుంది.

చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు. ఆవిరి కాని పెట్రోలు అంటుకోదు. అందుకే పాత కార్బురేటరు బండ్లకు చోక్ ఉన్నది. అది గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచుతుంది. మన డెల్టాలో చలి పెద్దగా ఉండదు కనుక చోక్ వేసి నాలుగైదు కిక్కులు కొడితే మంచి బండి అందుకోవాలి. అందుకోలేదంటే తప్పు మరొకచోట ఉన్నదని గ్రహించాలి.

రేపల్లె దాటి కృష్ణ ఒడ్డున ఉన్న ఒక గ్రామంలో మేము స్వయంగా చూచిన సంగతి చెబుతాము. ఒక సభ్యుని మోపెడ్ రోజూ ఉదయం ఇరవై కిక్కులకు గాని లేచేది కాదు. లేచాక దగ్గి దగ్గి, ఆ తరువాత సాయంత్రం వరకు చక్కగా నడిచేది. ఆయన అప్పటికి రెండు సార్లు ప్లగ్గు మార్పించాడు. మార్చిన రెండు రోజులు బాగుండి, మళ్లీ అదే తంతు.

మేము ప్లగ్గు విప్పించి చూచాము. ప్లగ్గు పొడిగా ఉంటే ఇంజనుకు పెట్రోలు అందడం లేదని అర్థం. తడిగా ఉండి పెట్రోలు వాసన గుప్పున కొడితే, పెట్రోలు వస్తున్నది గాని నిప్పు లేదనో, చోక్ ఎక్కువై ముంచెత్తిందనో అర్థం. ముంచెత్తితే చోక్ తీసివేసి, ఎక్సిలేటరు పూర్తిగా తిప్పి పట్టుకొని కిక్కులు కొట్టాలి. ఈ ప్లగ్గు తడిగానే ఉన్నది గాని వేలితో రాస్తే తడి ఆరలేదు. పెట్రోలైతే క్షణంలో ఆరిపోతుంది.

ప్లగ్గును తుడిచి, టోపీలో పెట్టి, దాని లోహపు ఒడలు ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టించాము. నీలి నిప్పు టక్కున పడింది. (ఈ పరీక్షకు ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా పట్టుకోవాలి. లోపలి పెట్రోలు ఆవిరి బయటికి వచ్చి అంటుకోగలదు. పక్కన బీడీ సరేసరి, పెట్రోలు సీసా కూడా ఉండరాదు.) ఇక ప్లగ్గును తప్పు పట్టే పని లేదు.

తరువాత కార్బురేటరు అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి వదిలించాము. పది నిమిషాలకు సీసాలో రెండు పొరలు తేలాయి, అడుగున ఒక వేలి మందాన నీరు. ట్యాంకు మూత రబ్బరు వాషరు పగిలి ఉన్నది. బండి పెట్టేది పెంకుటింటి చూరు కింద. రాత్రంతా మంచు చుక్కలు చుక్కలుగా మూత మీద పడుతున్నది.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం వరకు ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ కొంత నీటిని తనలో కలుపుకొంటుంది, హద్దు దాటితే ఆ నీటితో కలిసి పెట్రోలు నుండి విడిపోయి అడుగుకు దిగుతుంది. పగలు కుదుపులకు చెదిరేది రాత్రి కదలక నిలిచి, తెల్లవారి మొదటి కిక్కుకు అదే ఇంజనుకు అందుతుంది. ఉదయం మాత్రమే మొరాయించడానికి కారణం ఇదే. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించి, ఆరబెట్టి, కొత్త వాషరు వేయించాము. మరునాడు మూడో కిక్కుకు బండి లేచింది.

బ్యాటరీ సంగతి వేరు. పాత మోపెడ్లలో చాలా వాటికి నిప్పు మాగ్నెటో నుండి వస్తుంది కనుక బ్యాటరీ నీరసించినా కిక్కుతో లేస్తాయి. 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.-6 నిబంధన వచ్చాక అమ్ముతున్న బండ్లు ఎక్కువగా ఇంజెక్షన్ రకం. వాటిలో పెట్రోలు పంపు, నిప్పు రెండూ కరెంటు మీదే ఆధారపడతాయి. తాళం తిప్పగానే రెండు సెకన్లు సన్నగా జుయ్యిమని పంపు చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే ఫ్యూజు, బ్యాటరీ చూడాలి. సెల్ఫ్ నొక్కితే టకటక మని ఊరుకుంటే బ్యాటరీ దిగిపోయిందనో, తీగల కొసలు వదులైనవనో అనుకోవాలి. రాత్రంతా నిలిచిన 12 వోల్టుల బ్యాటరీ మీటరు మీద 12.6 చూపాలి, 12.2కు దిగితే సగం ఖాళీ అయినట్లే. బాపట్ల సూర్యలంక వైపు ఉప్పు గాలికి ఆ కొసలకు తెల్లని, పచ్చని పొక్కు పడుతుంది. ముందు నల్ల తీగ, తరువాత ఎర్ర తీగ విప్పి, వంట సోడా కలిపిన వేడినీటితో తుడిచి, ఆరాక బిగించి వాజలిన్ రాయాలి. బిగించేటప్పుడు ఎర్ర తీగ ముందు.

ఇంజెక్షన్ బండి పెట్రోలు గొట్టం మాత్రం ఇంటి దగ్గర విప్పవద్దు. అందులో ఒత్తిడి ఉంటుంది. నీరు చేరిందని అనుమానం వస్తే దానిని తెనాలిలోనో, దగ్గరి పట్టణంలోనో ఆ పని తెలిసిన మెకానిక్కుకు చూపి, ట్యాంకు మూత వాషరు కూడా చూడమని అడగండి.