మంచం దగ్గరికి వెళ్లే ప్రసంగం

2020 లాక్‌డౌన్ నాటి నుంచి మన సంఘాల్లో ఆదివారం ప్రసంగాన్ని వాట్సాప్‌లో పెట్టడం మామూలైంది. చాలాచోట్ల గుళ్లో రికార్డయినదాన్ని మొత్తం అలాగే పంపేస్తారు. మంచంమీదున్న ముసలావిడ అందులో వినేది స్పీకర్ల గింగురు, ఎవరి పిల్లాడిదో ఏడుపు, మధ్యలో ‘పక్కవారితో చెప్పండి’ అనే కేక. ఆవిడ పక్కన ఎవరున్నారు చెప్పడానికి?

దీన్ని నాలుగు నిమిషాలకు కుదించమంటే కొందరు పేరాలు కొట్టేస్తూ పోతారు. కానీ నిడివికంటే ముందు చూడాల్సింది వినేవారెవరన్నది. ఉదాహరణకు మార్కు సువార్త 2వ అధ్యాయం తీసుకుందాం. పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి ఇంటికప్పు తవ్వి యేసు ముందు దించిన కథ. గుళ్లో దీన్ని సాధారణంగా మూడు భాగాలు చేస్తారు: నలుగురి విశ్వాసం, పాపక్షమాపణ, లేచి నడవడం. ‘మనమూ ఆ నలుగురిలా ఉందాం’ అని ముగిస్తారు. అది నడవగలిగినవాళ్లకు చెప్పే మాట. ఇంట్లో వింటున్న మనిషి ఆ కథలో మోసేవాడు కాదు, మోయించుకునేవాడు. కాబట్టి అదే ప్రసంగాన్ని పరుపుమీద ఉన్నవాడి వైపు నుంచి మళ్లీ చెప్పాలి.

అప్పుడు మూడింట్లో ఒక్కటే నిలుస్తుంది. పాపక్షమాపణ సంగతి ముట్టుకుంటే ‘నా జబ్బు నా పాపంవల్లేనా’ అన్న ప్రశ్న వినేవారి మనసులో లేస్తుంది. గుళ్లో దానికి పది నిమిషాలు వివరణ ఇవ్వొచ్చు. నాలుగు నిమిషాల్లో సగం చెప్పి వదిలేయడంకంటే దాన్ని మరో వారానికి ఉంచడమే నయం. ఆయన లేచి నడిచాడన్నది మాత్రం దాచకూడదు. ఒక వాక్యంలో ఉన్నదున్నట్టు చెప్పాలి, ‘మీరూ లేస్తారు’ అని మాట ఇవ్వకుండా.

మొదలు ఇలా ఉండొచ్చు:

“వందనాలండీ, పాస్టరును మాట్లాడుతున్నాను. కపెర్నహూములో ఒకాయన మంచం పట్టాడు. నలుగురు ఆయన్ని పరుపుతో సహా మోసుకొచ్చారు. వాకిలి నిండా జనం, లోపలికి దారి లేదు. ఇంటికప్పు తవ్వి యేసు ముందుకే దించారు. ఈ కథంతా చూడండి, ఆ పరుపుమీది మనిషి ఒక్క మాటా మాట్లాడినట్టు రాయలేదు. ఈ వారం మీకూ ప్రార్థన చేసే ఓపిక లేకపోయిందేమో. పర్వాలేదండీ, ఆ పని మేం చేస్తున్నాం.”

‘బైబిలు తెరవండి’ అనకుండా కథే చెప్పేశాం, ‘ప్రియులారా’ బదులు ఒక్కరితో మాట్లాడాం. కాగితంమీది ‘పైన చెప్పినట్లు’, ‘రెండవదిగా’ లాంటివి చెవికి పనికిరావు. వచనం చదివేటప్పుడు మాత్రం పాత తెలుగు బైబిలు మాటలే ఉంచాలి. పెద్దవాళ్లకు అవి కంఠతా వచ్చు, మీతోపాటే పెదవి కదుపుతారు. ప్రకటనలు, కానుకల ప్రస్తావన తీసేయాలి. ఫలానావారి ఆపరేషన్ గురించి ప్రార్థన కూడా వద్దు. ఆ సందేశం ఏ గ్రూపుకు వెళ్తుందో మన చేతిలో ఉండదు.

నిడివి తేల్చుకోవడానికి రాసినదాంట్లో ఒక పేజీ గడియారం పెట్టుకుని, గుళ్లోకంటే కాస్త నెమ్మదిగా చదివి చూడండి. నాలుగు నిమిషాలకు ఎన్ని పేజీలో తెలిసిపోతుంది.

రికార్డింగుకు ఖాళీ గుడి అస్సలు పనికిరాదు, గొంతు గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. పరుపూ దుప్పట్లూ ఉన్న పడకగది మేలు. ఫ్యాను ఆపి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు దూరంలో కాస్త పక్కకు పట్టుకోవాలి. ఎదురుగా పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడల్లా ఊపిరి మైకుకు తగిలి టప్పుమంటుంది. వెనక సంగీతం వద్దు. వినికిడి తగ్గినవాళ్లకు అది మాటను మింగేస్తుంది. పూర్తయ్యాక ఇయర్‌ఫోన్లలో కాకుండా ఫోను స్పీకర్లోనే, గదికి అటు చివర నిలబడి వినండి. అక్కడ అర్థం కాని మాట మంచం దగ్గరా అర్థం కాదు.

వీడియో ఎందుకంటే, చెవి సరిగ్గా వినపడనివారు పెదవుల కదలిక చూసి మాట పట్టుకుంటారు కనుక. అందుకే కిటికీ వెనక కాకుండా ముఖానికి ఎదురుగా ఉండాలి, చూపు తెరమీది మన బొమ్మమీద కాక కెమెరామీద ఉండాలి. చూపు తగ్గినవారికి ఆడియో చాలు. దాన్ని పంపడమూ తేలిక.

పంపడంలో ఒక చిక్కుంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెట్టినది, మన నంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే చేరుతుంది. చాలామంది పెద్దవాళ్ల ఫోనుల్లో పాస్టరు నంబరు ఉండదు, అది కోడలి ఫోనులో ఉంటుంది. ఇంటికెళ్లినప్పుడు ఆ పని చేసి రావాలి. విడిగా వాయిస్ మెసేజ్ పంపితే, వారు విన్నాక సాధారణంగా మైకు గుర్తు నీలంగా మారుతుంది. బుధవారానికీ మారకపోతే ఫోన్ చేయొచ్చు. కీప్యాడ్ ఫోనే ఉన్నవారికి మాత్రం ఆ నాలుగు నిమిషాలూ కాల్ చేసి చదివి వినిపించడమే.