ఆప్షన్లలో కాచుకున్న పది సెకన్లు

190 మీటర్ల పొడవున్న రైలు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. పక్క పట్టాల మీద, అదే దిశలో, దానికి ముందు 160 మీటర్ల రైలు 54 కిలోమీటర్ల వేగంతో పోతోంది. వెనక రైలు ముందు రైలును పూర్తిగా దాటడానికి ఎంత సమయం పడుతుంది? ఆప్షన్లు నాలుగు: 10, 17.5, 38, 70 సెకన్లు.

రైల్వే ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లకు ఈ తరహా లెక్క కొత్త కాదు. అయినా 10 దగ్గర గుర్తు పెట్టి వచ్చేవాళ్లు ఉంటూనే ఉంటారు. వాళ్లకు లెక్క రాదనుకుంటే పొరపాటు. వేగాలను 5/18తో గుణించి సెకనుకు 20 మీటర్లు, 15 మీటర్లుగా సరిగ్గానే మార్చుకున్నారు. పొడవులు కలిపి 350 మీటర్లు అని సరిగ్గానే రాసుకున్నారు. ఆ ఊపులోనే వేగాలనూ కలిపేశారు. 350ని 35తో భాగిస్తే చక్కగా 10 వచ్చింది, అది ఆప్షన్లలోనూ కనిపించింది. ఇక అనుమానం ఎందుకు వస్తుంది? ప్రశ్న తయారుచేసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. కలిపినా తీసేసినా శేషం మిగలని అంకెలనే వాళ్లు ఏరుకుంటారు.

పొడవులను రెండు సందర్భాల్లోనూ కలపాల్సిందే. వేగంగా వెళ్లే రైలు ఇంజను, ముందు రైలు చివరి పెట్టెను అందుకున్నప్పుడు దాటడం మొదలవుతుంది. దాని చివరి పెట్టె ముందు రైలు ఇంజనును దాటి బయటపడితేనే అది పూర్తవుతుంది. ఈలోపు అది రెండో రైలుకంటే అదనంగా ముందుకు జరగాల్సిన దూరం రెండు పొడవుల మొత్తం. ఎదురెదురుగా వచ్చినా ఇంతే. అందుకే చెయ్యి కూడికకు అలవాటు పడిపోతుంది. దిశను బట్టి మారేది వేగం ఒక్కటే.

ఇప్పుడు 10 సెకన్ల జవాబును పరీక్షకు పెడదాం. ఆ 10 సెకన్లలో వెనక రైలు 200 మీటర్లు పోయింది. ముందు రైలేమీ నిలబడి లేదు, అదీ 150 మీటర్లు పోయింది. అంటే వెనక రైలు సంపాదించిన ఆధిక్యం 50 మీటర్లే. కావాల్సింది 350. సెకనుకు 5 మీటర్ల చొప్పున ఆ దూరం రావాలంటే 70 సెకన్లు పట్టాలి. ఆ 70 సెకన్లలో ఒకటి 1400 మీటర్లు, రెండోది 1050 మీటర్లు వెళతాయి. తేడా సరిగ్గా 350. జవాబు ఏదైనా ఇలా తిరిగి వేసి చూసుకోవడానికి పట్టే సమయం చాలా తక్కువ. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షలో ఆ కాస్త సమయం దండగ కాదని నా గట్టి నమ్మకం.

కూడికవైపు మనసు మొగ్గడానికి మన ప్రయాణాలు కూడా కారణమేమో. రెండు లైన్ల మార్గంలో సాధారణంగా ఒకటి పోయేది, రెండోది వచ్చేది. కాబట్టి కిటికీ పక్కనుంచి రివ్వున పోయే రైలు చాలావరకు ఎదురుగా వచ్చిందే అయి ఉంటుంది. వెనక వచ్చే రైలుకు దారి ఇవ్వాలంటే మన రైలును స్టేషన్లో లూప్ లైన్‌లో ఆపేస్తారు. రెండూ కదులుతూ ఒకదాన్నొకటి దాటడం చూడాలంటే ముంబై లోకల్స్‌కు ఉన్నట్టు స్లో, ఫాస్ట్ లైన్లు పక్కపక్కన ఉన్నచోటికి వెళ్లాలి. అక్కడ పక్క రైలు మెల్లమెల్లగా, పెట్టె తర్వాత పెట్టెగా మనల్ని దాటుతుంది.

నిజానికి రెండు సూత్రాలు అక్కర్లేదు. ఎప్పుడూ తీసివేతే. మన రైలు వెళ్లే దిశను ధనాత్మకం అనుకుంటే ఎదురు రైలు వేగం రుణాత్మకం. 20 లోంచి −15 తీసేస్తే 35 దానంతటదే వస్తుంది. ఒకే దిశ అయితే 20 లోంచి 15 పోగా 5. సందేహం వస్తే రెండు రైళ్లకూ ఒకే వేగం ఇచ్చి చూడండి. ఒకే దిశలో సమాన వేగంతో పోయే రైళ్లు ఒకదాన్నొకటి ఎప్పటికీ దాటవు, తేడా సున్నా. అక్కడ కూడితే మాత్రం దాటేసినట్టు ఏదో ఒక సమయం వచ్చి కూర్చుంటుంది.

మిగిలిన రెండు ఆప్షన్లూ ఊరికే పెట్టినవి కావు. ముందు రైలు కదులుతోందన్న సంగతి మరిచిపోతే 17.5 వస్తుంది. 38 సెకన్లు వేరే ప్రశ్నకు సరైన జవాబు: ముందు రైలులో కూర్చున్న ప్రయాణికుడిని వెనక రైలు ఎంతసేపట్లో దాటుతుంది? అప్పుడు లెక్కలోకి వచ్చేది 190 మీటర్లే.

ఇదే లెక్కను తిరగేసి కూడా అడుగుతారు: పొడవుల మొత్తం 350 మీటర్లు, ఒకే దిశలో దాటడానికి 70 సెకన్లు, ఎదురెదురుగా 10 సెకన్లు, వేగాలెంత? తేడా 5, మొత్తం 35 కాబట్టి 20, 15. ఇక్కడ ఆ రెండిటినీ తారుమారు చేసి, మొత్తం 5, తేడా 35 అనుకుంటే రెండో రైలు వేగం −15 వస్తుంది. మొదటి ప్రశ్నలో కంటపడకుండా దాక్కున్న తప్పు ఇక్కడ ఆ రుణ గుర్తుతో దొరికిపోతుంది.