ఏడు నిమిషాల్లో ఒప్పుకున్న తప్పు

ముంబైలో ఒక బ్యాంకు డీలింగ్ రూమ్ అనుకుందాం. కొత్త ట్రేడర్ గరిష్ఠంగా 50 లక్షల డాలర్లే ఉంచుకోవచ్చు. చేతిలో 38 లక్షలున్నాయి. మరో 12 లక్షలకు ఆర్డరిచ్చేసరికి తెర కదల్లేదు. మళ్లీ నొక్కింది. రెండు ఆర్డర్లూ కుదిరి 62 లక్షలయ్యాయి. మేనేజర్‌కు ఈమెయిల్ రాసింది:

“సర్, 11:42కు నా పరిమితి 12 లక్షల డాలర్లు దాటింది. మొదటి ఆర్డర్ ఏమైందో చూడకుండా రెండోది పంపాను, పొరపాటు నాదే. 11:49కి అదనపు డాలర్లు అమ్మేశాను. డాలరుకు 2 పైసల చొప్పున 24,000 రూపాయల నష్టం. రిస్క్ విభాగానికీ తెలిపాను. ఇకపై ఆర్డర్ బుక్ చూశాకే మళ్లీ పంపుతాను.”

రేటు పెరుగుతుందని ఆగకపోవడమే ఇందులో కీలకం. లాభమొచ్చినా ఉల్లంఘన ఉల్లంఘనే. సింగపూర్‌లో నిక్ లీసన్ 88888 ఖాతాలో నష్టాలు దాచాడు. 1995లో బ్యారింగ్స్ బ్యాంకే కూలిపోయింది.